సింహాచలం మీద పరిశోధన: పత్రికలా, పంచగ్రామాలా?

‘మతం, రాజకీయాలు’ అంటే పరిశోధన ప్రశ్న కాదు, సముద్రం. విశాఖ విద్యార్థి దాన్ని సింహాచలం దేవస్థానానికి కుదించాడనుకుందాం. అప్పుడూ రెండు దారులుంటాయి.

కాలంతో గిరిగీస్తే: 2020 మార్చిలో ధర్మకర్తల మండలికి వంశాచారంగా వచ్చే అధ్యక్ష పదవి మరొకరికి మారింది, 2021 జూన్‌లో హైకోర్టు ఆ మార్పును కొట్టేసింది. ఈ మధ్యకాలంలో రెండు తెలుగు దినపత్రికలు ఈ వివాదంలో ఆచారాన్ని ముందుపెట్టాయా, పార్టీలనా?

ఊరితో గిరిగీస్తే: దేవస్థానం భూవివాదం ఉన్న పంచగ్రామాల్లో ఒకటైన అడవివరంలో, ఇళ్ల క్రమబద్ధీకరణ కోసం చూస్తున్న కుటుంబాలు ఓటు వేసేటప్పుడు ఆ సమస్యను ఎంతగా లెక్కలోకి తీసుకుంటాయి?

ఖర్చు: మొదటిదానికి గ్రంథాలయానికి వెళ్లే బస్సు చార్జీ, రెండోదానికి నెలల తిరుగుడు.

చిక్కు: పత్రికలు చదివి ‘ప్రజలు ఇలా అనుకున్నారు’ అని రాస్తే ప్రశ్న గీత దాటినట్టే. ఊళ్లో చిక్కు ఇంకా పెద్దది. పట్టా రావాల్సినవారు అడిగే మనిషిని అధికారి అనుకుంటే జవాబు మారిపోతుంది. అందుకే ‘ఎవరికి ఓటేశారు?’ అనకుండా, ‘ఓట్లకు వచ్చినవాళ్లను ఏం అడిగారు?’ అనాలి.

ఒక సెమిస్టరే ఉంటే పత్రికలు. ఏడాది గడువు, ఊళ్లో తెలిసినవారు ఉంటే అడవివరం.