టాక్సిక్ షాక్‌లో ఏది మేలు: పెన్సిలిన్ ఒక్కటే చాలా, క్లిండమైసిన్ కలపాలా, ఇమ్యూనోగ్లోబులిన్ దాకా పోవాలా?

ఉద్దానం వైపు ఒక కేసు ఇలా ఉంటుందనుకుందాం. కవిటి మండలంలో కొబ్బరి తోట పనికి వెళ్లే మనిషి, వయసు యాభై ఐదు, బరువు అరవై కిలోలు. కత్తి జారి పాదం మీద చిన్న గాటు పడింది. రెండో రోజుకి కాలు పోటు, చలి జ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది వేస్తే జ్వరం దిగింది, పోటు దిగలేదు. మూడో రోజు వాంతులు, విరేచనాలు. ఆసుపత్రికి తెచ్చేసరికి బీపీ 84/50, నాడి 128. ‘‘పుండు సిన్నదే బాబూ, నొప్పి మాత్రం పేణం తీసేత్తంది’’ అంటాడు. చూస్తే నిజంగానే పుండు చిన్నదే, చుట్టూ కాస్త ఎరుపు. క్రియాటినిన్ 4.6, ప్లేట్‌లెట్లు 82 వేలు.

ఇక్కడ మన జిల్లాలోనే జరిగే పొరపాటు ఒకటుంది. క్రియాటినిన్ 4.6 చూడగానే ‘ఉద్దానం కిడ్నీయే కదా’ అని పక్కన పెట్టేస్తాం. స్ట్రెప్టోకాకస్ టాక్సిక్ షాక్, అంటే ఆ బ్యాక్టీరియా విడిచే విషం వల్ల వచ్చే షాక్, అనడానికి బీపీ పడిపోవడంతో పాటు కనీసం రెండు అవయవాలు దెబ్బతినాలి. పెద్దవాళ్లలో కిడ్నీ దెబ్బతిందనడానికి క్రియాటినిన్ గీత 2 దగ్గర ఉంటుంది. అప్పటికే కిడ్నీ జబ్బున్న మనిషికి ఆ గీత పనికిరాదు, అతని పాత అంకెకి రెట్టింపు దాటిందా అన్నది చూడాలి. ఇతని పాత చీటీలో 2.1 ఉంది కాబట్టి దాటింది. ప్లేట్‌లెట్లు లక్ష లోపు పడ్డాయి, అది రెండోది. కాబట్టి ఆ పాత చీటీ కోసం ఇంటివాళ్ల సంచీ వెతికించడం కూడా వైద్యంలో భాగమే.

మరి అంత చిన్న పుండు మనిషిని ఇంతలా ఎలా కూల్చింది? మామూలుగా సూక్ష్మజీవి ముక్కని మన కణం ఒకటి తన ఎంహెచ్‌సీ క్లాస్-2 అణువు గాడిలో పెట్టి చూపిస్తుంది. ఆ ముక్కకి సరిగ్గా సరిపోయే గ్రాహకం ఉన్న టీ కణమే స్పందిస్తుంది. అలాంటివి పది వేలలో ఒకటో, లక్షలో ఒకటో. ఈ బ్యాక్టీరియా విడిచే విషం సూపర్‌యాంటిజెన్, అది ఆ గాడి జోలికే పోదు. ఎంహెచ్‌సీని బయటి పక్కన పట్టుకుని, రెండో కొసతో టీ కణం గ్రాహకంలోని వి-బీటా భాగాన్ని పట్టుకుని రెంటినీ కలిపి బిగించేస్తుంది. ఒకే రకం వి-బీటా ఎన్నో టీ కణాల మీద ఉంటుంది గనుక, ఏ ముక్కతో సంబంధం లేకుండా అవన్నీ ఒక్కసారే లేస్తాయి. అలా మొత్తం టీ కణాల్లో 20 శాతం, అంతకు పైన కూడా రెచ్చిపోవచ్చు. పది మందికి చెప్పిన భోజనానికి ఊరంతా వచ్చి కూర్చున్నట్టే. అవి, వాటితో పాటు మాక్రోఫేజ్‌లు కుమ్మరించే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-2, గామా ఇంటర్‌ఫెరాన్ల వల్ల రక్తకేశనాళికలు కారిపోతాయి. నీరు రక్తంలోంచి కణజాలంలోకి జారుతుంది. సెలైన్ సీసాలు ఎక్కిస్తున్నా బీపీ నిలవకపోవడానికి కారణం ఇదే.

వైద్యం తూచే ముందు, ఇది స్టాఫిలోకాకస్ పనా, స్ట్రెప్టోకాకస్ పనా అన్నది తేల్చుకోవాలి. తూకం దాన్ని బట్టే మారుతుంది.

స్టాఫ్‌లో పేరుమోసిన విషం టీఎస్‌ఎస్‌టీ-1. ఇది వి-బీటా 2 ఉన్న టీ కణాలని పట్టుకుంటుంది. 1978లో అమెరికాలో జేమ్స్ టాడ్ బృందం పిల్లల్లో ఈ జబ్బుని మొదట వర్ణించింది. 1980లో టాంపాన్ల వల్ల అక్కడ పెద్ద గొడవే అయింది. మన దగ్గర టాంపాన్ వాడకం తక్కువ కాబట్టి ఇది రాదులే అనుకోవడం తప్పు. కాలిన గాయం, ఆపరేషన్ గాయం, ముక్కులో రక్తం ఆగడానికి పెట్టిన ప్యాకింగ్, కాన్పు తర్వాతి రోజులు, ఏదైనా చాలు. పలాస జీడి బట్టీల్లో జీడిపిక్క నూనెతో చేతులు కాలడం కొత్తేమీ కాదు. అలాంటి పుండులోనూ స్టాఫ్ చేరగలదు. చిత్రమేమిటంటే స్టాఫ్ పుండు చాలాసార్లు అమాయకంగా ఉంటుంది, చీము కూడా ఉండదు. ఒళ్లంతా ఎండకి కమిలినట్టు ఎర్రబడి, వేలితో నొక్కితే తెల్లబడుతుంది, కళ్లు ఎర్రబడతాయి. వారం రెండు వారాలకి అరచేతులు, అరికాళ్లు పొట్టు రేగుతాయి. రక్తం కల్చర్‌లో సాధారణంగా ఏమీ పెరగదు, పాజిటివ్ వచ్చేది నూటికి ఐదు లోపే.

స్ట్రెప్ తీరు వేరు. స్పీఏ, స్పీసీ, స్మెజ్ లాంటి విషాలు దీనివి. సూక్ష్మజీవి విషం విడిచి ఊరుకోదు, కండరం పొరల్లోకి చొరబడుతుంది. అందుకే కంటికి కనిపించేదానికి పొంతన లేని నొప్పి. చర్మం నీలంగా మారడం, బొబ్బలు, ఆ చోట స్పర్శ పోవడం తర్వాత వస్తాయి, అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క. రక్తం కల్చర్ సగానికి పైగా కేసుల్లో పాజిటివ్. మరణాలు 30 నుంచి 60 శాతం దాకా ఉంటాయి. బహిష్టుతో ముడిపడిన స్టాఫ్ కేసుల్లో అవి 5 శాతం లోపే. అంటే మన కవిటి మనిషికి వచ్చింది రెండింట్లో చెడ్డది.

కల్చర్‌కి రెండు రోజులు పడుతుంది. పుండు అడుగు నుంచి తీసిన స్రావానికి గ్రామ్ స్టెయిన్ వేస్తే గంటలోపే జాడ దొరుకుతుంది: గుత్తులుగా ఉంటే స్టాఫ్, గొలుసులుగా ఉంటే స్ట్రెప్. ఇది జిల్లా ల్యాబ్‌లో జరగని పని కాదు, అడగడమే మరిచిపోతాం. ఇతనికి గొలుసులు కనిపించాయనుకుందాం.

ఇక మందుల సంగతి. మొదటిది పెన్సిలిన్ ఒక్కటే. దీని వాదన బలమైనదే. గ్రూప్-ఏ స్ట్రెప్టోకాకస్ ఇంతవరకూ పెన్సిలిన్‌కి లొంగకుండా పోలేదు, ధర తక్కువ, ప్రతి ఆసుపత్రిలో దొరుకుతుంది. కాకపోతే పెన్సిలిన్ చంపేది గోడ కట్టుకుంటూ పెరుగుతున్న బ్యాక్టీరియాని. కండరంలో అవి కిక్కిరిసిపోయాక పెరుగుదల మందగిస్తుంది, పెన్సిలిన్‌కి పట్టు దొరకదు. దీన్ని 1952లోనే హ్యారీ ఈగిల్ గుర్తించాడు. 1988లో డెనిస్ స్టీవెన్స్ బృందం ఎలుకల కండరంలో స్ట్రెప్ ఎక్కించి చూసింది. పెన్సిలిన్ రెండు గంటలు ఆలస్యమైతేనే ఉపయోగం లేకుండా పోయింది. క్లిండమైసిన్ పదహారు గంటలు ఆలస్యమైనా ఎక్కువ ఎలుకలని బతికించింది. కవిటి నుంచి మనవాళ్లు వచ్చేది మూడో రోజుకి, అందుకే ఈ ప్రయోగం నాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది.

రెండోది పెన్సిలిన్‌కి క్లిండమైసిన్ జోడించడం. క్లిండమైసిన్ బ్యాక్టీరియా రైబోజోమ్‌ని పట్టుకుని ప్రోటీన్ తయారీని ఆపుతుంది. సూపర్‌యాంటిజెన్ కూడా ప్రోటీనే. బ్యాక్టీరియా పెరుగుతున్నా, నిదానించినా విషం తయారీ ఆగుతుంది. ఇది ఎలుకల ముచ్చటే కాదు. 2021లో వెలువడిన అమెరికా ఆసుపత్రుల విశ్లేషణలో గ్రూప్-ఏ స్ట్రెప్ తీవ్ర ఇన్‌ఫెక్షన్లలో క్లిండమైసిన్ కలిపిన వాళ్లలో మరణాలు 6.5 శాతం, కలపని వాళ్లలో 11 శాతం. చీటీ వేసి పంచిన ప్రయోగం కాదు గనుక కొంత అనుమానం ఉంచుకోవాలి, అయినా దిశ స్పష్టం. ఉద్దానం మనిషికి ఇంకో లాభం: క్లిండమైసిన్ కాలేయం మీదుగా పోతుంది, కిడ్నీ పాడైనా డోసు తగ్గించక్కర్లేదు, ఎనిమిది గంటలకి 900 మిల్లీగ్రాములు అలాగే నడుస్తుంది. పెన్సిలిన్ అలా కాదు. మొదటి 40 లక్షల యూనిట్లు పూర్తిగా ఇచ్చినా, తర్వాతి డోసులు కిడ్నీని బట్టి తగ్గించాలి, లేకపోతే పేరుకుని మూర్ఛలు తెస్తుంది.

మరి క్లిండమైసిన్ ఒక్కటే ఇస్తే? వద్దు. దానికి లొంగని స్ట్రెప్‌లు, స్టాఫ్‌లు ఉన్నాయి. కొన్ని మొదట లొంగినట్టు కనిపించి, ఎరిత్రోమైసిన్ పక్కన ఉంటే ఎదురు తిరుగుతాయి. ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద ఈ రెండు మందుల బిళ్లలు పక్కపక్కన పెడితే క్లిండమైసిన్ చుట్టూ ఖాళీ గుండ్రంగా కాక ఒక పక్క చదునుగా, ఇంగ్లీషు డి అక్షరంలా వస్తుంది. ఆ రిపోర్టు వస్తే లినెజోలిడ్‌కి మారాలి, అదీ విషం తయారీని ఆపేదే.

గ్రామ్ స్టెయిన్‌లో గుత్తులు వచ్చి ఉంటే తూకం కొంచెం మారేది. ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మామూలు మందులకి లొంగని స్టాఫ్, భయంతో వాంకోమైసిన్ వైపు చేయి పోతుంది, కానీ అది కిడ్నీకి బరువు, విషాన్ని ఆపదు. అప్పటికే సగం పాడైన కిడ్నీ ఉన్న మనిషికి నేనైతే లినెజోలిడ్ వైపే మొగ్గుతాను. ప్యాకింగ్ ఉంటే ముందు అది తీసేయాలి.

మూడోది ఇమ్యూనోగ్లోబులిన్, అంటే ఐవీఐజీ. క్లిండమైసిన్ కొత్త విషాన్ని ఆపుతుంది గానీ, అప్పటికే రక్తంలో తిరుగుతున్నదాన్ని ఏమీ చేయదు. వేల మంది దాతల ప్లాస్మాలోని యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయన్నది ఆశ. ఇచ్చే లెక్క మొదటి రోజు కిలోకి ఒక గ్రాము, తర్వాత రెండు రోజులు అర గ్రాము చొప్పున. మనవాడికి 60, 30, 30, అంటే మొత్తం 120 గ్రాములు. ఐదు గ్రాముల సీసాలైతే 24. ఒక్కో సీసా వేలల్లో పలుకుతుంది. ఋజువు చూస్తే, 2003లో యూరప్‌లో చేసిన ప్రయోగానికి 21 మందే దొరికారు, మధ్యలో ఆగిపోయింది. మందు ఇచ్చిన పది మందిలో ఒకరు, ఇవ్వని పదకొండు మందిలో నలుగురు పోయారు. తేడా కనిపిస్తుంది, కానీ యాదృచ్ఛికమని కొట్టిపారేసే వీలూ ఉంది. క్లిండమైసిన్ పొందిన వాళ్లనే తీసుకుని తర్వాత కొన్ని అధ్యయనాలు కలిపి చూస్తే మరణాలు 33.7 నుంచి 15.7 శాతానికి తగ్గాయి. పైగా సుక్రోజ్ కలిపిన ఐవీఐజీ కిడ్నీని దెబ్బతీస్తుంది, మనవాడికి పెట్టే ముందు సీసా మీద ఏముందో చదవాలి. స్టాఫ్ విషాల మీద దీని ప్రభావం స్ట్రెప్ మీద కంటే బలహీనం, కాబట్టి స్టాఫ్ కేసుకి ఇంత డబ్బు పెట్టించడానికి నాకు మనసొప్పదు.

అందుకని నా వరస ఇది. పెన్సిలిన్‌తో క్లిండమైసిన్ జోడింపుని చర్చ లేకుండా మొదటి గంటలోనే, రక్తం కల్చర్‌కి తీసిన వెంటనే ఇవ్వాలి. ఐవీఐజీ స్ట్రెప్ అని తేలి, సెలైన్, నార్‌ఎడ్రినలిన్‌లతోనూ బీపీ నిలవకపోతేనే, అదీ ఇంటివాళ్లు పొలం తాకట్టు పెట్టకుండా తేగలిగితేనే. ఈ రెంటి కంటే ముందు నిలిచేది సర్జన్ కత్తి. కాలు తెరిచి చచ్చిన కండరాన్ని తీయకపోతే అక్కడికి రక్తమే పోదు, రక్తం పోని చోటికి ఏ మందూ చేరదు. సీటీ స్కాన్ కోసం థియేటర్‌ని ఆపడం తప్పు. నొప్పి, షాక్, గొలుసులు, ఈ మూడూ చాలు. మర్నాడు మళ్లీ తెరిచి చూడాల్సి వస్తుందని ఇంటివాళ్లకి ముందే చెప్పాలి.

కవిటి నుంచి శ్రీకాకుళం వచ్చేసరికే రెండు గంటలు, విశాఖ అంటే ఇంకా. మొదటి ఆసుపత్రిలో సర్జన్ లేకపోతే పంపక తప్పదు. అయితే రెండు మందుల మొదటి డోసూ 108 ఎక్కక ముందే పడాలి. రిఫరల్ చీటీ మీద ఏది ఎన్ని గంటలకి వేశారో, పాత క్రియాటినిన్ ఎంతో, డైక్లోఫెనాక్ పడిందో లేదో రాయాలి. ఆ సూది జ్వరాన్ని దాచి, కిడ్నీని ఇంకొంచెం కుంగదీసి ఉంటుంది. అవతలి డాక్టరుకి ఆ సంగతి వేరే ఎవరూ చెప్పరు.