850 వాట్ల పవర్ సప్లైయా, గాలాడే క్యాబినెట్టా: మొదటి గేమింగ్ పీసీకి ఏది మేలు?

మా తమ్ముడు తన మొదటి గేమింగ్ పీసీకి రెండు లిస్టులు రాసుకొచ్చాడు. రెండింట్లోనూ రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 కార్డు. మొదటి లిస్టులో 850 వాట్ల పవర్ సప్లై, ముందువైపు నిండా అద్దమున్న క్యాబినెట్. రెండోదాంట్లో 650 వాట్లది, ముందు జాలీ ఉన్న క్యాబినెట్. ఖర్చు ఇంచుమించు ఒకటే.

ముందు కరెంటు లెక్క చూద్దాం. ఈ కార్డుకు 200 వాట్లు కావాలి. ప్రాసెసర్‌కు 65 అని రాసున్నా, ఫుల్ లోడ్‌లో 88 దాకా లాగుతుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ధారాళంగా 60 వేసుకున్నా మొత్తం 350 దాటదు. కార్డు రెప్పపాటులో ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంటుంది కాబట్టి మిగులు ఉండాలి. ఎన్విడియా కూడా ఈ కార్డుకు 650 చాలంటోంది. 850 పెడితే కరెంటు బిల్లేమీ పెరగదు, సిస్టమ్‌కు కావాల్సినంతే తీసుకుంటుంది. కానీ 300 వాట్లు దాటే కార్డుకు మారే ఆలోచన గట్టిగా లేకపోతే ఆ డబ్బు ఊరికే పడి ఉన్నట్టే.

వేడి సంగతి అలా కాదు. గేమ్ నడుస్తున్నంతసేపూ ఆ కార్డు, ప్రాసెసర్ లాగే కరెంటంతా ఆ పెట్టెలోనే వేడిగా మారుతుంది. ముందు అద్దముంటే ఫ్యాన్లకు పక్క సందుల్లోంచి వచ్చే గాలే దిక్కు. అరగంట ఆడాక ఎఫ్‌పీఎస్ మెల్లగా పడిపోతూ, ఫ్యాన్లు హోరెత్తుతుంటే పక్క ప్యానెల్ తీసి చూడండి. టెంపరేచర్ గబగబా దిగితే లోపం గాలిదే. పవర్ సప్లై చాలనప్పుడు అలా ఉండదు, భారీ సీన్ మధ్యలో సిస్టమ్ టక్కున ఆగిపోతుంది. అందుకే నా ఓటు రెండో లిస్టుకే. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. ఫ్యాన్‌కు అడ్డపట్టీలున్న వైపు నుంచే గాలి బయటికొస్తుంది, బిగించేటప్పుడు అది చూసుకోవాలి.

అయితే ఆ లిస్టూ ఉన్నదున్నట్టు ఆర్డర్ పెట్టడానికి పనికిరాలేదు. వాడు డీడీఆర్4 ర్యామ్ రాశాడు. 7600 కూర్చునేది ఏఎం5 సాకెట్‌లో, ఆ బోర్డులన్నీ డీడీఆర్5వే. గాడి వేరేచోట ఉంటుంది కాబట్టి పాత ర్యామ్ స్లాట్‌లో దిగనే దిగదు. ఇంకో చిక్కు కార్డు పొడవు. వాడు ఎంచుకున్న మూడు ఫ్యాన్ల కార్డు 336 మిల్లీమీటర్లు, క్యాబినెట్ పేజీలో 355 దాకా పడుతుందని ఉంది. కింద చిన్న అక్షరాల్లో చూస్తే అది ముందు ఫ్యాన్లు లేకుండా చెప్పిన కొలత. ఫ్యాన్ మందం 25 తీసేస్తే మిగిలేది 330. ఆరు మిల్లీమీటర్లు తక్కువ! ఫ్యాన్లు పీకేస్తే జాలీ క్యాబినెట్ కొని ఏం లాభం? అదే 4070లో రెండు ఫ్యాన్ల పొట్టి మోడల్ 250 దగ్గర దొరికింది, దాన్నే ఖాయం చేశాం.