ఎడిటర్‌కు టైమ్‌కోడ్ ఉత్తరం: నాలుగేళ్లు రాశాక నా మాట

నా డాక్యుమెంటరీ కోతలో పదకొండు సెకన్ల మౌనం పోయిందని చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఎడిటర్‌ది కాదు, ఎక్కడ ఏం కోయాలో టైమ్‌కోడ్, అంటే నిమిషం సెకను, వేసి రాసిన నా ఉత్తరానిది. అయినా నాలుగేళ్లుగా ఆ ఉత్తరమే రాస్తున్నా, ఇంకొకటి నాకు కుదరదు. అందుకే ఈ సమీక్షలో సగం మెచ్చుకోలు, సగం అలక.

నేనుండేది నల్లగొండల. ఎడిటర్ తమ్ముడు హైదరాబాద్‌లో. మధ్యన వంద కిలోమీటర్లు, నాకేమో వారంలో ఆరు రోజుల ఉద్యోగం. సినిమా మొదటి కూర్పు, అంటే రఫ్ కట్, ఫోన్‌కు వస్తది, రాత్రి అన్నం తిన్నాక కూర్చొని చూస్తా, ఎక్కడ ఏం మారాలో నిమిషం, సెకను వేసి ఉత్తరం రాసి పంపిస్తా. మొదటి రెండు సినిమాలకు ఇది ఎంత బాగా పనిచేసిందంటే, కలిసిన ప్రతివాడికీ చెప్పిన: ఫోన్ల గంటలు గంటలు మాట్లాడకుండ్రి, రాసి పంపుండ్రి అని. ఇప్పుడు ఆ మాట కొంచెం దిద్దుకోవాలె.

మూడోది పుట్టపాకలో ఆసు పోసే ఒక అవ్వ మీద తీసిన చిన్న డాక్యుమెంటరీ. ఇక్కత్ చీర నూలుకు అక్కడక్కడ రంగు అంటకుండా చిటికీ కట్టే ముందు దారాన్ని మేకుల మధ్య అటూ ఇటూ తిప్పుతూ పోయడమే ఆసు. చెయ్యి రోజంతా ఆగకుండా లేస్తూ దిగుతూ ఉంటది. రఫ్ కట్ ముప్పై ఒక్క నిమిషం వచ్చింది. నేను యాభై నాలుగు నోట్లు రాసిన. అందులో మనకు కావాల్సినవి మూడే:

02:10 నుంచి 02:38 దాకా మగ్గం షాట్లు ఎక్కువైనయి, తీసెయ్.
06:05 నుంచి 06:45 దాకా చెప్పిందే మళ్లీ చెప్పింది, తీసెయ్.
14:20 నుంచి 14:31 దాకా తీసెయ్.

మూడోదానికి కారణం రాయలేదు. అక్కడ గల్లీల బండి హారన్ మాట మీద పడ్డది, చూసేవాడికి వినబడుతది కదా అనుకున్న.

తమ్ముడు ఉత్తరాన్ని పై నుంచి కిందికి చదువుకుంటూ పని చేసిండు, ఎవరైనా అట్లనే చేస్తారు. మొదటి నోటుకు 28 సెకన్లు పోయినయి. దాంతో వెనకున్నదంతా 28 సెకన్లు ముందుకు జరిగింది. రెండోదానికి ఇంకో 40. మొత్తం 68 సెకన్లు, అంటే ఒక నిమిషం ఎనిమిది సెకన్లు. మిగతా చిన్న నోట్లు నిడివిని మార్చలేదు. ఇంక 14:20కి వచ్చేసరికి, ఆ అంకె దగ్గర ఉన్నది హారన్ కాదు, నేను చూసిన కట్‌లో 15:28 దగ్గర ఉన్నది. అక్కడ ఏముందంటే, అవ్వ మాట ఆపి, మాట్లాడకుండా తన చెయ్యి దిక్కు చూసుకున్న పదకొండు సెకన్లు. హారన్ ఎంతసేపో అదీ అంతసేపే! తమ్ముడు చూసిండు: మాట లేదు, కదలిక లేదు, అన్న ‘తీసెయ్’ అన్నడు. తీసేసిండు. అక్కడ నేనున్నా నాకూ అట్లనే అనిపించేది.

మూడు రోజులకు రెండో కట్ వచ్చింది. హారన్ అట్లనే ఉన్నది, కాకపోతే 13:12 దగ్గర మోగింది. 14:20 నుంచి 68 సెకన్లు తీసి చూడుండ్రి, సరిగ్గా అదే వస్తది. అట్లనే దొరికింది నాకు గుట్టు. వద్దన్నది ఉండి, వద్దననిది పోయిందంటే పాత కట్ అంకెలు, షాట్లు వరుసగా పేర్చిన కొత్త టైమ్‌లైన్ మీద పడ్డట్టే. మొదలు దగ్గర నోట్లన్నీ సరిగ్గుండి, చివరికి పోతున్న కొద్దీ తప్పుతున్నయంటే కూడా ఇదే రోగం.

షాట్ ఎక్కడికీ పోదు, హార్డ్ డిస్క్‌లో ఉంటది. కానీ తమ్ముడు టైమ్‌లైన్‌ను కాపీ చేసుకోకుండా దాని మీదనే పని చేసిండు. మౌనం తీసేసిన జాగాకు సంగీతం కూడా సరిచేసి పెట్టిండు. పదకొండు సెకన్లు మళ్లీ దూర్చేసరికి వెనకున్న పాటంతా జరిగింది, ఒక ఆదివారం మొత్తం దానికే పోయింది. ‘అన్నా, నువ్వు హారన్ అని ఒక్క మాట రాస్తే అయిపోయేది కదా’ అన్నడు. కోపమొచ్చింది, కానీ ఏమంటా?

అప్పటి నుంచి అంకె పక్కన ఆనవాలు రాయకుండా ఒక్క నోటు పంపలేదు. అదే నోటు ఇప్పుడైతే ఇట్ల రాస్తా:

కట్ 1, 14:20 నుంచి 14:31. అవ్వ ‘మా అత్త నేర్పింది’ అన్నాక మొదలు, ‘అప్పట్ల కూలి’ అనే ముందు దాకా. బండి హారన్ మాటను మింగుతున్నది. ఆ మాట మనకు అవసరం లేదు.

అంకె తప్పినా మాట దొరుకుతది. ‘కట్ 1’ అని ఉంటే ఏ ఫైలు చూసి రాసిన్నో తెలుస్తది. కారణం రాస్తే, నాకు తట్టని దారి తమ్ముడికి తట్టొచ్చు. ఒకసారి ‘ఇక్కడ కెమెరా ఊగుతున్నది’ అని మాత్రమే రాసిన, తీసెయ్యమనలేదు. తమ్ముడు అక్కడి అవ్వ మాటను ఉంచుకొని, బొమ్మ మీద దారం షాట్ వేసిండు. నేనైతే కోసిపారేసేటోన్ని.

తమ్ముడి దిక్కు కూడా రెండు మార్పులు వచ్చినయి. ప్రీమియర్ ప్రో నుంచి ఎగుమతి చేసేటప్పుడు `Timecode Overlay` పెట్టి పంపిస్తుండు, బొమ్మ మీదనే అంకెలు పరుగెత్తుతయి. ఫోన్ ప్లేయర్‌లో సెకన్ల దాకానే కనబడుతది. సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములున్న కట్‌లో రెండు షాట్ల మధ్య మిగిలిపోయిన ఒక్క ఫ్రేము మెరుపులా మెరిసిపోతే, దాన్ని చెప్పాలంటే నాలుగో జత అంకె కావాలె. రెండోది, ఉత్తరం రాగానే కోత మొదలుపెట్టడు. ముందు టైమ్‌లైన్ కాపీ చేసి, ప్రతి నోటు దగ్గర ఒక మార్కర్ పెడతడు. `Ripple Sequence Markers` ఆన్ చేసి ఉంటే, ముందర ఏం కోసినా మార్కర్లు కూడా వెంట జరుగుతయి. కింది నుంచి పైకి పని చేసినా అంకెలు తప్పవు, కానీ కథను వెనక నుంచి ముందుకు దిద్దితే తలకెక్కదు అంటడు.

ఇంకో చిక్కు మాత్రం తీరలేదు. సాగదీసినట్టుందన్న సంగతికి టైమ్‌కోడ్ దొరకదు. నాకు పన్నెండో నిమిషంలో విసుగొస్తది, తప్పేమో తొమ్మిదో నిమిషంలో ఉంటది. అందుకే అసుంటివి ఉత్తరం మొదట్ల, అంకెలు లేకుండా, ఒక పేరా రాస్తా: ఎక్కడ ఫోన్ చూడబుద్ధయింది, ఎక్కడ అవ్వ ఏమంటున్నదో అర్థం కాలేదు. యాభై నాలుగు నోట్లు కూడా ఇప్పుడు ఇరవై దాటనిస్తలేను. తప్పక కావాల్సిన మూడింటికి పక్కన చుక్క పెడతా.

మీరు ఎడిటర్ పక్కన కూర్చోగలిగితే ఈ తంటా మీకెందుకు, పోయి కూర్చోండ్రి. వీడియో మీదనే నోటు పెట్టే సైట్లు కూడా ఉన్నయట, మా దగ్గర రాత్రిపూట నెట్‌కు అవి తెరుచుకునేసరికి తెల్లారుతది. నా లెక్కల, నా ఉద్యోగానికి, ఈ ఉత్తరమే సాగుతున్నది. పోయిన నెల పంపిన దాంట్ల తొమ్మిదో నోటు: ‘కట్ 1, 18:02. అవ్వ చెయ్యి ఆగిన దగ్గర. దీన్ని ముట్టకు.’ తమ్ముడు ముట్టలేదు, కానీ దాని ముందరి షాట్‌ను రెండు సెకన్లు పొడిగించిండు. బాగుందో లేదో ఇంకా తేల్చుకోలేదు.