స్టాకు నిర్ణయానికి మేప్ చూడాలా, బయాస్ చూడాలా?

గాజువాకలో ఒక బిస్కెట్ల డీలర్ దగ్గర రెండు రకాలు వారానికి 100 పెట్టెల చొప్పున పోయాయనుకుందాం. నాలుగు వారాల అంచనా మొదటిదానికి 120, 80, 120, 80. రెండోదానికి ప్రతి వారం 120.

మేప్, అంటే అంచనా ఎక్కువైనా తక్కువైనా, అమ్మకంలో ఎంత శాతం తప్పిందో దాని సగటు: రెండింటికీ 20 శాతమే. అమ్మకం సున్నా అయిన వారానికి లెక్కే రాదు.

బయాస్, అంటే మొత్తం అంచనాలోంచి మొత్తం అమ్మకం తీసేస్తే వచ్చేది: మొదటిదానికి సున్నా, రెండోదానికి 80 పెట్టెలు ఎక్కువ. అంచనా ప్రకారమే కొంటే ఆ 80 గోడౌన్‌లో మిగిలిపోతాయి, గడువు తేదీ ముంచుకొస్తుంది. అయితే మొదటిదాని ఊగిసలాట మాత్రం ఇందులో కనబడదు.

అందుకే ముందు బయాసే చూడాలి. తప్పు వారం వారం ఒకే వైపు ఉంటే అంచనానే సరిదిద్దండి. బయాస్ సున్నా దగ్గరుండి మేప్ పెద్దదైతేనే రిజర్వు స్టాకు పెంచండి.