షాడో టాక్టిక్స్: ఎవరి మీద ఎవరి కన్ను ఉంది?

జర్మనీకి చెందిన మిమిమి సంస్థ తయారుచేయగా 2016లో విడుదలైన 'షాడో టాక్టిక్స్: బ్లేడ్స్ ఆఫ్ ద షోగన్' ఆటను పర్లాకిమిడిలోని మా ఇంటి కంప్యూటరులో కొన్నేళ్ళుగా ఆడుతున్నాను. 1615 నాటి జపాన్‌లో ఐదుగురిని కాపలావాళ్ళ కంటపడకుండా పైనుంచి చూస్తూ నడిపించే ఆట ఇది. తుపాకీ ఆటలకు అలవాటుపడిన మా బావమరిది మొదటి రోజే, "బావా, కాపలావాడు ఒక్కడే కదా, పొడిచేసి పోదాం" అన్నాడు. పొడిచాడు కూడా. ఆ శవం పక్క కాపలావాడి కంటపడటంతో ఊరంతా అప్రమత్తమై, కొత్త భటులు దిగారు.

కాపలావాడి మీద రైట్ క్లిక్ చేస్తే అతని చూపు నేలమీద పచ్చని త్రిభుజంలా పరుచుకుంటుంది. దగ్గరి నిండు రంగు భాగంలో మనం వంగి నడిచినా దొరికిపోతాం. చారలున్న దూరపు భాగంలో మాత్రం నిలబడితేనే కనిపిస్తాం. కనబడగానే కేక వేయడు. అతని దగ్గర మొదలైన పసుపు రంగు మన దాకా పాకాలి, కాబట్టి దూరాన ఉన్నవారికి వెనక్కి తగ్గే వ్యవధి ఉంటుంది. ఒక్కసారికి ఒక్కరి చూపే కనిపించడం మొదట్లో విసుగు పుట్టిస్తుంది గాని, తొందరపడే ఆటగాణ్ణి ఆపేది అదే. పరుగెత్తితే మన చుట్టూ వలయం ఏర్పడుతుంది. దాని లోపల ఉన్నవారికి మన అడుగుల చప్పుడు వినిపిస్తుంది. వంగి నడిస్తే ఆ బాధ లేదు, మంచులో మాత్రం అడుగుజాడలు పట్టిస్తాయి.

ఒక పెరడును ఊహించండి. తలుపు దగ్గర గడ్డి టోపీ పెట్టుకున్న కాపలావాడు కదలకుండా నిలబడి వాకిలిని చూస్తున్నాడు, మామూలు భటుడొకడు గోడ చివరి నుంచి వాకిలి దాకా తిరుగుతున్నాడు. దగ్గరగా వచ్చాడని భటుణ్ణి వాకిట్లో పొడిస్తే టోపీవాడు చూస్తాడు. టోపీవాణ్ణి ముందు పొడిస్తే, తిరిగి వచ్చిన భటుడు శవాన్ని చూస్తాడు. అందుచేత గస్తీ ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా చేతులు కట్టుకుని చూసి, టోపీవాడి చూపు ఎక్కడ ఆగిపోతుందో గుర్తించాలి. గోడ మలుపు వెనుక భటుణ్ణి ఎవరూ చూడరు. మన ఐదుగురిలో ఒకతె అయిన యుకి అక్కడ ఉచ్చు పెట్టి, పిట్టకూత ఊది అతణ్ణి రప్పిస్తుంది. అదే కూతకు టోపీవాడు తన చోటు వదలడు. అతని కోసం మన జట్టులోని హయాటో రాయి విసిరి ముఖం మరోవైపు తిప్పించి, వెనుకనుంచి చేరాలి. యుకి శవాన్ని మెల్లగా ఈడ్చుకుపోతుంది కాబట్టి, దాచే పొద దగ్గరలో ఉందో లేదో ఉచ్చు పెట్టే ముందే చూసుకోవడం మేలు. జట్టులోని ముగెన్ వెంట ఉంటే ఈ చింత లేదు, అతను రెండు శవాలను ఒకేసారి మోస్తాడు.

సేవ్ చేసి నిమిషం దాటితే తెర మీద గుర్తుచేయడం నాకు బాగా నచ్చింది. కరెంటు పోయే మా ఊళ్ళో మరీను. నచ్చనిదల్లా, శవం దొరకకుండా వెతికి అలసిన భటులు ఏమీ జరగనట్టు పాత గస్తీకే వెళ్ళిపోవడం. అది నమ్మశక్యంగా లేకపోయినా, దాని వల్ల తప్పిన పథకాన్ని అక్కడినుంచే మళ్ళీ అల్లుకోవచ్చు.