నోరు విప్పని భర్త, నిండుగా ఉన్న ఇల్లు: సర్దుకోవడమా, వేరు పొయ్యా, వేరు కాపురమా?

మా పెళ్లయి పన్నెండేళ్లయింది. మొదటి ఏడేళ్లు గుడివాడలో అత్తయ్యగారు, మావయ్యగారు, బావగారి కుటుంబంతో ఒకే ఇంట్లో, ఒకే వంటతో గడిచాయి. తర్వాత రెండేళ్లు అదే ఇంట్లో మేడ మీద వేరుగా వండుకున్నాను. ఇప్పుడు మూడేళ్లుగా విజయవాడలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మూడూ చూసినదాన్ని కాబట్టి, ఏది మేలని ఎవరైనా అడిగితే ముందు ఒకటి అడుగుతాను. మీ ఆయన గదిలో ఏమంటారు, హాల్లో ఏమంటారు?

మా ఆయన గది తలుపు వేశాక "నువ్వన్నది నిజమే, అక్క అలా అనకుండా ఉండాల్సింది" అనేవారు. హాల్లో అదే మాట వస్తే తల దించుకుని ఫోన్ చూసుకునేవారు. అది భయం. తండ్రి ముందు ఏనాడూ నోరెత్తకుండా పెరిగిన మనిషి. ఇంకో రకం మగవాళ్లు ఉంటారు. వాళ్లు గదిలో కూడా "మా అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?" అంటారు. హాల్లో కూర్చున్నవాళ్లకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. కానీ ఒకరికి పనికొచ్చిన దారి రెండోవారి దగ్గర పనికిరాదు.

ఏ రకమో తేల్చుకోవడానికి పెద్ద గొడవ ఎంచుకోకూడదు. నేను పుట్టింటి ప్రయాణం ఎంచుకున్నాను. అంతకుముందు వెళ్లాలనుకున్న ప్రతిసారీ అత్తయ్యగారిని నేనే అడిగేదాన్ని. "ఇప్పుడెందుకు, పండక్కి వెళ్దువుగాని" అనేవారు. ఆయన పక్కనే కూర్చుని వినేవారు. ఒకరోజు చెప్పాను. "ఏవండీ, ఈసారి నేను అడగను. 'శుక్రవారం తను వాళ్లమ్మ దగ్గరికి వెళ్తోంది, ఆదివారం నేను తీసుకొస్తాను' అని మీరు చెప్పండి చాలు." నా తరఫున వాదించమని అడగలేదు. చెప్పాల్సిన మాట కూడా నేనే అందించాను. మొదటిసారి మర్చిపోయానన్నారు. రెండోసారి మావయ్యగారు లేనప్పుడు గొణిగినట్టు చెప్పారు. మూడోసారి భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పారు. అత్తయ్యగారు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు, అయినా ఆయన మాట మార్చలేదు. ఈ మనిషితో దారి ఉందని నాకు అప్పుడే తెలిసింది. అదే "పెళ్లయ్యాక అన్నిసార్లు పుట్టింటికి ఎందుకు?" అని ఆయనే అని ఉంటే, నా లెక్క వేరేగా ఉండేది.

కలిసి ఉండటంలో మేలు లేదని నేను అనను. పాప పుట్టినప్పుడు మా తోటికోడలు రాత్రిళ్లు ఎత్తుకుని తిరిగింది, ఆ రుణం తీరేది కాదు. కానీ ఆయన జీతం 28,000 మొత్తం మావయ్యగారి చేతికి వెళ్లేది. పాపకి చెప్పులు కొనాలన్నా నేను అత్తయ్యగారిని అడగాలి, ఎందుకో చెప్పాలి. పైకి తగువు ఏదో ఒక మాట మీద జరిగేది. ప్రతిదానికీ ఎవరు ఎవరిని అడగాలన్నదే దాని వెనక ఉండేది. అందుకే కలిసే ఉండాలనుకునేవాళ్లు "నా పక్షాన మాట్లాడండి" అని అడగడం కంటే ముందు డబ్బు సంగతి తేల్చుకోవాలి. ఒకటో తారీఖున ఇంటి ఖర్చుకి ఇంత అని ఇచ్చేసి, మిగిలింది మీ ఇద్దరి చేతిలో ఉండాలి. మేం ఆ మాట ఆరేళ్ల తర్వాత అనుకున్నాం. చాలా ఆలస్యం చేశాం.

వేరు పొయ్యికి పెద్ద ఖర్చు కాలేదు. మేడ మీద గదిలో గట్టు, సింకు, పైపులు కలిపి ఇరవై వేల చిల్లర అయింది. ఎవరు ముందు లేచారు, నూనె ఎందుకు అంత పోశావు, నిన్నటి కూర ఎవరు పారబోశారు లాంటి తగువులు వారంలో ఆగిపోయాయి. కరెంటు బిల్లు మీద మాత్రం నెలనెలా మాటలు వచ్చేవి. సబ్‌మీటరు పెట్టించాక అదీ పోయింది. పోనిది ఒక్కటే, "ఇల్లు విడదీసింది" అన్న మాట. అది ఎందుకు మిగిలిందో కూడా నాకు తెలుసు. పై పోర్షను సంగతి ఇంట్లో చెప్పిన రోజు మా ఆయన "తను వేరుగా వండుకుంటానంటోంది" అన్నారు. "మేం వేరుగా వండుకుంటాం" అనలేదు. ఆ ఒక్క మాటకి నేను రెండేళ్లు సమాధానం చెప్పుకున్నాను. బంధువులు ఎవరొచ్చినా మెట్లెక్కి వచ్చి మరీ నన్ను అడిగారు, ఆయన్ని ఎవరూ అడగలేదు. వేరు పొయ్యి పెట్టేవాళ్లు గట్టు కట్టించే ముందు ఆ మాట ఎవరు, ఎలా చెప్పాలో ఇద్దరూ అనుకోండి.

వేరు కాపురం ఖరీదైనది. అద్దె 9,000, రెండు నెలల అడ్వాన్సు, ఇంటికి పంపే 5,000. ఆయన జీతం 34,000 అయ్యాకే కదలగలిగాం. భయం ఉన్న మనిషికి ఇది బాగా పనిచేస్తుంది. చుట్టూ ఆ చూపులు ఉండవు కాబట్టి, నిర్ణయం ముందు ఇద్దరం తీసుకుని తర్వాత ఊరికి చెప్పడం అలవాటైంది. రెండో రకం భర్తతో మాత్రం హాలు ఫోన్‌లో వెంట వస్తుంది. మా చిన్నాన్న కూతురు హైదరాబాదులో వేరుగానే ఉంటోంది. వాళ్లాయన జీతం ఊరికి పంపేస్తారు. కూరగాయల డబ్బులకి అత్తగారికి ఫోన్ చేయాలి. ఉమ్మడి ఇంట్లో అయితే కనీసం తోటికోడలో, పక్కింటి పిన్నిగారో చూసేవాళ్లు. అక్కడ దానికి సాక్షి కూడా లేరు. అలాంటి చోట ఇల్లు మారడం కంటే, తన పేరు మీద ఖాతా, తన సంపాదన, ఆయన గౌరవించే ఒక పెద్దమనిషితో మాట్లాడించడం ముందు కావాలి.

వేరు కాపురం కోసం పట్టుబట్టేవాళ్లు చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. సరైన కారణం లేకుండా భర్తని తల్లిదండ్రుల నుంచి విడదీయాలని పదే పదే ఒత్తిడి చేయడం క్రూరత్వమని 2016లో ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీకు ఎదురైనవి తేదీలతో రాసి పెట్టుకోండి. ఇంకోవైపు, "నా ఇంట్లోంచి పో" అంటే పోవాల్సిందేనని కూడా అనుకోవద్దు. 2005 గృహహింస చట్టం కింద, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకి ఉంది. ఆ ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా ఆ హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది తిరుగులేని హక్కు కాదు. పెద్దవాళ్ల హక్కుల్ని కూడా కోర్టు చూస్తుంది, కొన్నిసార్లు వేరే చోట వసతి చూపమని భర్తని ఆదేశిస్తుంది. చెయ్యి చేసుకునే చోట మాత్రం ఈ పోలికలేవీ వద్దు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

గదిలో ఒప్పుకుని హాల్లో తల దించుకునే భర్త అయితే, జీతం సరిపోతే వేరు కాపురమే మేలంటాను. సరిపోకపోతే వేరు పొయ్యి, అదీ ఆయన నోటితో చెప్పాకే.

మొన్న సంక్రాంతికి గుడివాడ వెళ్లాం. భోజనాల దగ్గర వదిన, పాపని ఇంగ్లీషు మీడియంలో వేసినందుకు నన్ను అనడం మొదలుపెట్టారు. మా ఆయన ప్లేటులోంచి తలెత్తి "అక్కా, అది మేమిద్దరం అనుకునే చేశాం" అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మావయ్యగారు పులుసు అడిగారు, నేను వడ్డించాను.