ఫైనాన్స్ ఉన్న బండా, ఫైనాన్స్ లేని బండా: ఏది మేలు?

మా మేనల్లుడికి జడ్చర్లలో ఉద్యోగం వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి రోజూ వెళ్లి రావడానికి పాత బైకు కావాలన్నాడు. ఆన్‌లైన్ ప్రకటనల్లో ఒకే మోడల్ బళ్లు మూడు దొరికాయి. మొదటిది 24,000 రూపాయలు, అమ్మేవారు సైన్యంలో పనిచేస్తున్నారట. రెండోది 44,000, దాని మీద ఇంకా ఫైనాన్స్ ఉంది. మూడోది 47,000, ఫైనాన్స్ లేదు, అమ్మేది ఒక మధ్యవర్తి.

వాడి మనసు మొదటి దాని మీదే పడింది. "ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూశాను మామయ్యా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. నన్ను భయపెట్టింది ఆ మాటే. ఆ యాప్‌లో మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు కనిపిస్తాయి కానీ యజమాని పేరులో కొన్ని అక్షరాలే కనిపిస్తాయి. మోసగాళ్లు నిజంగా ఉన్న బండి ఫొటోలు, ఆర్‌సీ కాపీ ఎక్కడి నుంచో సంపాదించి ప్రకటనలో పెడతారు. కాబట్టి నంబరు సరిపోతుంది. అలాంటి బండి ఒకటి ఉందని మాత్రమే దానితో తేలుతుంది, అమ్ముతున్న మనిషిదేనని తేలదు.

బండి ఎక్కడుందని అడిగితే శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో ఉందని, తనకు బదిలీ అయిందని జవాబు వచ్చింది. వచ్చి చూస్తామంటే, ముందు గేట్ పాస్‌కు 2,150 పంపమన్నారు, బండి అందాక తిరిగి ఇస్తారట. ఆ మొత్తం పంపితే తరువాత రవాణా ఖర్చు, ఆ తరువాత పన్ను అంటూ అడుగుతూనే ఉంటారు. ముందు కట్టింది పోతుందన్న బాధతోనే మనిషి మళ్లీ కడతాడు. డబ్బు తిరిగి పంపుతామంటూ క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమనడం ఇదే మోసంలో ఇంకో మెట్టు. మన ఖాతాకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరమే లేదు. ఇప్పటికే ఎవరైనా పంపి ఉంటే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మొదటి బండిని అక్కడే వదిలేశాం.

మూడోది చూడడానికి శుభ్రంగా ఉంది. ఆర్‌సీలో ఫైనాన్స్ లేదు. కానీ ఆర్‌సీలో ఉన్న యజమాని కనిపించడు. బండిని కొనేవారి పేరుకు మార్చే 29, 30 ఫారాలు ఆయన సంతకంతో మధ్యవర్తి దగ్గర ఉన్నాయి, కొనేవారి పేరు రాసే చోటు ఖాళీ. ఈలోగా అవి ఎన్ని చేతులు మారాయో తెలియదు. సంతకం సరిపోలలేదని రవాణా కార్యాలయం ఫైలు వెనక్కి పంపితే ఆ యజమానిని ఎక్కడని వెతకాలి? అప్పటికి 47,000 మన చేతిలో ఉండదు.

రెండోదాన్ని చూసి అందరూ జంకుతారు. ఫైనాన్స్ వాళ్లు బండిని పట్టుకుపోతారని భయం. అప్పు తీరకుండా మొత్తం డబ్బు అమ్మేవారి చేతిలో పెడితే ఆ భయం నిజమే అవుతుంది. కానీ ఇక్కడ యజమాని తన ఇంటి ముందే బండి చూపించాడు. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీద చెక్కిన ఛాసిస్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోయింది. ఆధార్‌లోని పేరు, ఆర్‌సీలోని పేరు ఒకటే.

ఆయనతో కలిసి ఫైనాన్స్ కార్యాలయానికి వెళ్లాం. అప్పు మూసేయడానికి ఎంత కట్టాలో రాతపూర్వకంగా అడిగితే 11,640 అని ఇచ్చారు. నేను ఇంకో ప్రశ్న కూడా అడిగాను: ఈయనకు ఇక్కడ వేరే అప్పు గానీ, ఎవరికైనా హామీ గానీ ఉందా? ఉంటే ఈ బాకీ తీరినా, అప్పు లేదని రాసిచ్చే ఎన్‌ఓసీ ఆపేసే అవకాశం ఉంటుంది. లేదన్నాకే 11,640 నేరుగా ఆయన లోన్ ఖాతాలో కట్టి రసీదు తీసుకున్నాం. తాళం, ఆర్‌సీ, సంతకం చేసిన 29, 30 ఫారాలు ఇచ్చినప్పుడు 27,360 ఇచ్చాం. ఆ ఫారాల్లో కొనేవారి పేరు మా ఎదుటే రాయించాం. మిగిలిన 5,000 ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్స్ తొలగించడానికి కావలసిన 35వ ఫారం చేతికి వచ్చాకే ఇస్తామని కాగితం మీద రాసుకున్నాం. బండి అప్పగించిన తేదీతో పాటు సమయం కూడా వేయించాం, ఆ రోజే ప్రమాదం జరిగితే బండి ఎవరి చేతిలో ఉందన్నది తేలాలి కదా.

పేరు మార్పిడికి యజమాని కూడా తొందరపడ్డాడు. అందుకు కారణం ఉంది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. ఇన్సూరెన్స్ మార్పుకు మనం 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి.

కాబట్టి నా లెక్కలో రెండోదే మేలు. అయితే ఫైనాన్స్ కార్యాలయానికి రానని, డబ్బు తనకే ఇస్తే తానే కట్టుకుంటానని ఆ యజమాని అని ఉంటే, అదీ వద్దనేవాడిని. అప్పుడు మూడోదాని మధ్యవర్తికి ఒకే షరతు పెట్టేవాడిని: ఆర్‌సీలో పేరున్న మనిషిని మా ముందుకు తీసుకురావాలి, ఆయన మా ఎదుటే ఫారాల మీద సంతకం చేశాకే డబ్బు.